ఒకే కాలువ గట్టు మీద ఒకచోట శుభ్రం, మరొకచోట చెత్త గుట్ట: ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: మాది పశ్చిమ డెల్టాలో ఒక చిన్న పట్టణం. కాలువ గట్టు మీద శివాలయం రేవు దగ్గర కాగితం ముక్క కూడా కనిపించదు. అక్కడికి రెండు ఫర్లాంగుల దూరంలో వంతెన పక్కన మాత్రం ఎప్పుడూ చెత్త గుట్టే. వేసేవాళ్ళు మా ఊరివాళ్ళే. "ఇక్కడ చెత్త వేయరాదు" అని బోర్డు పెట్టారు, జరిమానా కూడా రాశారు, అయినా ఆగలేదు. మనుషులు వాళ్ళే అయినప్పుడు ఇలా ఎందుకు జరుగుతోంది? ఏం చేస్తే ఆగుతుంది?

సమాధానం:

డెల్టా పట్టణాల పారిశుద్ధ్య విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను. ఆ వంతెన దగ్గర మనం "చెత్త వేయడం" అని ఒకే మాటతో పిలుస్తున్నది నిజానికి రెండు వేర్వేరు పనులు. టీ తాగి కప్పు అక్కడే పడేయడం ఒకటి. ఇంట్లో మూట కట్టిన కవరును బండి హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చి గట్టు మీదికి విసరడం రెండోది. మొదటిది ఆ క్షణంలో, దాదాపు ఆలోచన లేకుండా జరుగుతుంది. రెండోదాని నిర్ణయం ఇంటి దగ్గరే అయిపోతుంది, వంతెన దగ్గర జరిగేది అమలు మాత్రమే. ఈ రెండింటికీ కారణాలు వేరు కాబట్టి మందులు కూడా వేరు. బోర్డు పెట్టినవారు రెండింటికీ ఒకే మందు వేశారు, అది రెండింటికీ పనిచేయలేదు.

ముందు ఆ క్షణంలో జరిగేదాని సంగతి చూద్దాం. ఒక బహిరంగ స్థలంలోకి అడుగుపెట్టిన మనిషికి అక్కడ ఎలా మెలగాలో రెండు విషయాలు చెబుతాయి. అక్కడ నలుగురూ ఏం చేస్తున్నారన్నది ఒకటి, ఏం చేస్తే నలుగురూ ఒప్పుకుంటారన్నది మరొకటి. చాలా సందర్భాల్లో ఈ రెండూ ఒకే దిక్కుకు నడిపిస్తాయి. మీ వంతెన దగ్గర మాత్రం అవి ఒకదానికొకటి అడ్డం తిరిగాయి. చెత్త వేయడం తప్పని అక్కడ వేసే ప్రతి మనిషికీ తెలుసు, కానీ అందరూ వేస్తున్నారని అక్కడి నేలే చెబుతోంది. ఇలా రెండూ విడిపోయినప్పుడు కళ్ళ ఎదుట ఏది ఉంటే దాని మాటే చెల్లుతుంది.

దీన్ని అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ చాల్డినీ, ఆయన సహచరులు ప్రయోగం చేసి చూపించారు. 1990లో ప్రచురించిన ఆ పరిశోధనలో వారు ఒక పార్కింగ్ గ్యారేజీలో కార్ల అద్దాల మీద కరపత్రాలు పెట్టి, యజమానులు తిరిగి వచ్చాక వాటిని ఏం చేస్తారో గమనించారు. నేల శుభ్రంగా ఉన్నప్పుడు 14 శాతం మంది కరపత్రాన్ని కింద పడేశారు, నేల నిండా చెత్త ఉన్నప్పుడు 32 శాతం మంది పడేశారు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. అసలు చూడవలసింది దీని తర్వాతిది. కొందరు యజమానులు కారు దగ్గరకు నడుస్తుండగా, ఎదురుగా వచ్చే ఒక మనిషి చేతిలోని కాగితాన్ని వాళ్ళ కళ్ళ ముందే నేల మీద పడేసేలా ఏర్పాటు చేశారు. నేల అప్పటికే చెత్తగా ఉంటే, అది చూసినవారిలో పడేసేవారు 54 శాతానికి పెరిగారు. నేల శుభ్రంగా ఉంటే 6 శాతానికి తగ్గారు. చేసిన పని ఒక్కటే, చూసినవారిలో కలిగిన ఫలితం మాత్రం పూర్తిగా తిరగబడింది. శుభ్రమైన నేల మీద పడిన కాగితం "ఇక్కడ ఎవరూ ఇలా చేయరు" అన్న సంగతిని చూసేవాడి మనసుకు తెస్తుంది, చెత్త మీద పడిన కాగితం "ఇక్కడ అందరూ ఇంతే" అన్నదాన్ని తెస్తుంది.

అదే బృందం ఒక వినోద ఉద్యానవనంలో ఇంకొక లెక్క తీసింది. సందర్శకులకు కరపత్రాలు ఇచ్చి, వారు నడిచే దారిలో ముందుగా కొన్ని కాగితాలు పడేసి ఉంచారు. దారిలో ఏమీ లేనప్పుడు 18 శాతం మంది పడేస్తే, ఒక్క కాగితం ఉన్నప్పుడు 10 శాతం మందే పడేశారు. రెండు ఉంటే 20, నాలుగు ఉంటే 23, ఎనిమిది ఉంటే 41, పదహారు ఉంటే 40 శాతం. అంటే నాలుగుకూ ఎనిమిదికీ మధ్య ఎక్కడో ఆ స్థలానికి ఉన్న పేరు మారిపోయింది. ఒకసారి మారాక ఎనిమిదికీ పదహారుకీ తేడా లేదు. గుట్టను సగానికి తగ్గించినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. ట్రాక్టరు వచ్చి పైపైన ఎత్తుకుపోయి, అడుగున నల్లటి బురద, చిరిగిన కవర్లు, బొండాల డొక్కలు వదిలేస్తే, మరుసటి ఉదయం వచ్చేవాడికి అది ఇంకా చెత్త వేసే చోటే.

ఇప్పుడు మీ శివాలయం రేవు దగ్గరకు రండి. అక్కడ ఎవరైనా గుట్కా పొట్లం పడేస్తే ఆ మెట్ల మీద అదొక్కటే కనిపిస్తుంది. స్నానానికి దిగేవారు, బిందె ముంచుకునేవారు, కార్తీకంలో దీపాలు వదిలేవారు ఆ మెట్లను కాళ్ళతో తొక్కుతారు, నీటిని చేత్తో ముట్టుకుంటారు. పడిన పొట్లాన్ని గంటలోపే ఎవరో ఒకరు తీసి పక్కన పడేస్తారు. భక్తి వల్లే శుభ్రంగా ఉందని చాలామంది అంటారు. భక్తికి పాత్ర ఉంది, కాదనను. కానీ వాడకం లేని గుడి వెనుక గోడ ఎలా ఉంటుందో కూడా అందరం చూస్తూనే ఉన్నాం. రేవును కాపాడుతున్నవి రోజంతా అక్కడ ఉండే మనుషులు, వెంటనే తీసేసే చేతులు, ఆ తీసేయడం వల్ల ప్రతి ఉదయం కొత్తగా వచ్చేవారికి కనిపించే ఖాళీ మెట్లు.

వంతెనకు ఇవేవీ లేవు. అది ఎవరి గడపకూ ఎదురుగా ఉండదు. పైగా డెల్టాలో కాలువ గట్టు జలవనరుల శాఖది, దాని మీది రోడ్డు మరో శాఖదో పంచాయతీదో, చాలా ఊళ్ళలో వంతెనే రెండు వార్డులకో, మునిసిపాలిటీకి పక్క పంచాయతీకో సరిహద్దు. ఊడ్చే మనిషి బీటు వంతెనకు ఇవతల ముగుస్తుంది, అవతలి బీటు అవతల మొదలవుతుంది. మధ్యలో మిగిలిన ఆ పదిహేను ఇరవై గజాలు ఎవరి రికార్డులోనూ ఉండవు. మునిసిపాలిటీ భాషలో జీవీపీలు అని పిలిచే చెత్త పడే చోట్ల జాబితా తీసుకుని పటం మీద గుర్తులు పెట్టి చూడండి. వాటిలో ఎక్కువ భాగం ఇలాంటి సరిహద్దుల మీదే పడతాయి.

ఇక బోర్డు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో కైజర్, లిండెన్‌బర్గ్, స్టెగ్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం మీ బోర్డు గురించే చేసినట్టు ఉంటుంది. సైకిళ్ళు నిలిపే ఒక సందులో గోడ మీద "ఇక్కడ రాతలు రాయరాదు" అనే హెచ్చరిక ఉంది. గోడ శుభ్రంగా ఉన్న రోజున, సైకిలు హ్యాండిల్‌కు కట్టిన కరపత్రాన్ని 33 శాతం మంది నేల మీద పడేశారు. అదే హెచ్చరిక కింద గోడ నిండా పిచ్చిరాతలు ఉన్న రోజున 69 శాతం మంది పడేశారు. రాతలకూ కరపత్రానికీ సంబంధం లేదు. కానీ ఒక నియమాన్ని ఎవరూ లెక్కచేయడం లేదని కళ్ళకు కడితే, పక్కనున్న నియమం కూడా పలుచబడిపోతుంది. చెత్త గుట్ట మధ్యలో నిలబడిన నిషేధపు బోర్డు ఆ నిషేధం ఎంత చెల్లని కాసో దారిన పోయేవారికి రోజూ చూపిస్తుంది. ఎన్నడూ వసూలు కాని జరిమానా మొత్తం దాని మీద రాసి ఉంటే ఇంకా నష్టం.

"మన కాలువలో రోజూ ఇంత చెత్త వేస్తున్నారు, సిగ్గుపడదాం" అనే ఫ్లెక్సీలు కూడా మంచి మనసుతోనే కడతారు, కానీ దయచేసి కట్టవద్దు. అరిజోనాలో శిలగా మారిన ప్రాచీన వృక్షాల వనం ఒకటి ఉంది. సందర్శకులు అక్కడి ముక్కలు జేబులో వేసుకుని వెళ్ళిపోతుంటారు. చాల్డినీ బృందం దారి పక్కన గుర్తుపెట్టిన ముక్కలు ఉంచి రెండు రకాల బోర్డులను పోల్చింది. "గతంలో చాలామంది తీసుకుపోయారు, దానివల్ల వనం పాడవుతోంది" అన్న బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం ముక్కలు పోయాయి. "దయచేసి తీయవద్దు" అని మాత్రమే చెప్పినప్పుడు 1.67 శాతమే పోయాయి. చాలామంది చేస్తున్నారని చెప్పడం చేయమని చెప్పడంతో సమానంగా పనిచేసింది.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. పైన చెత్త గురించి చెప్పినవన్నీ చేతిలోని కాగితంతో చేసిన ప్రయోగాలు. 2013లో షుల్ట్జ్, ఆయన సహచరులు అమెరికాలో 130 చోట్ల, దాదాపు 9,757 మందిని గమనించి ప్రచురించిన అధ్యయనంలో, చేతిలోది వదిలించుకున్న సందర్భాల్లో సుమారు 17 శాతం నేల మీద పడ్డాయి. ఆ తేడాల్లో 15 శాతం వరకే స్థలానికి చెందినవని, మిగతావి మనిషికి చెందినవని వారు లెక్కకట్టారు. స్థలం పాత్ర చిన్నదే కదా అనిపించవచ్చు. కానీ మనిషి స్వభావాన్ని మార్చే పని మునిసిపాలిటీ చేతిలో లేదు, స్థలాన్ని మార్చడం ఉంది. అదే అధ్యయనంలో చెత్తడబ్బా బాగా దగ్గరలో ఉన్నప్పుడు 12 శాతం పడేస్తే, 60 అడుగులు దాటినప్పుడు 30 శాతం పడేశారు. కాబట్టి వంతెన మొదట్లో టీ బడ్డీ, బొండాల బండి ఉంటే వాటికి పది అడుగుల లోపు డబ్బా ఉండాలి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి అది ఖాళీ కావాలి. పొంగిపొర్లే డబ్బా కంటే డబ్బా లేకపోవడమే మేలు, ఎందుకంటే దాని చుట్టూ పడినది తప్పుగా కూడా కనిపించదు.

కవరు మూటల సంగతి వేరు. మా పట్టణంలో మీ వంతెనలాంటిదే ఒకటి మమ్మల్ని చాలాకాలం పీడించింది. ఏదైనా మొదలుపెట్టేముందు ఆ గుట్టను ఒక ఉదయం టార్పాలిన్ మీద పరిపించి చూశాం. అందులో నాలుగు రకాలు తేలాయి. ముడివేసిన చిన్న కవర్లలో రొయ్య తలకాయలు, చేపల పొలుసు, మిగిలిన అన్నం. నల్ల కవర్లలో రెండు మూడు చుట్లు చుట్టిన పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు. యూరియా సంచుల్లో కోడి ఈకలు, పేగులు. అడుగున అరిటాకులు, పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, అంటే ఏదో విందు తాలూకువి. ఈ నాలుగూ వేసినవారు వేరు, వేసిన వేళ వేరు.

చిన్న కవర్లు ఉదయం ఆరుకూ ఎనిమిదికీ మధ్య పడేవి. పారిశుద్ధ్య సిబ్బంది అక్కడ నిలబడి, ఎవరినీ ఆపకుండా, మర్యాదగా మాట్లాడారు. ఒకాయన చెప్పింది దాదాపు అందరి మాటా. "మీ బండి తొమ్మిదిన్నరకు వస్తుందండీ. అప్పటికి నేనూ మా ఆవిడా ఇద్దరం డ్యూటీకి వెళ్ళిపోతాం. రొయ్య తలకాయలు సాయంత్రం దాకా ఇంట్లో పెట్టుకుంటే ఉండగలమాండీ?" అన్నారు. గుడి రేవు దగ్గర వేస్తారా అని అడిగితే, "ఆయ్, అక్కడెలా వేస్తామండీ!" అని నొచ్చుకున్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. డెల్టా ఎండకు, ఉక్కకు, చేపా రొయ్యా వండిన ఇంట్లో ఆ కవరు పూటలోపు వాసన కొడుతుంది, వీధిలో పెడితే కుక్కలు లాగుతాయి. చెత్తబండి వేళకూ ఆ ఇంటి వేళకూ పొంతన లేదు, బడికో ఆఫీసుకో వెళ్ళే దారిలో వంతెన ఉంది, అక్కడ బండి ఎలాగూ నెమ్మదిస్తుంది, దిగకుండానే విసరవచ్చు. ఈ మనిషికి అవగాహన సదస్సు పెట్టి చెప్పేదేమీ లేదు. వంతెనకు ఆనుకున్న మూడు వీధులకు బండి వేళను ఆరింటికి మార్చి, ప్రతిరోజూ ఒకే వేళకు వచ్చేలా చూడటమే దీనికి మందు. వేళ తప్పితే రెండో వారంలోనే కవరు మళ్ళీ హ్యాండిల్‌కు ఎక్కుతుంది.

నల్ల కవర్లు చీకటి పడ్డాక వచ్చేవి. దీనికి మూలం సిగ్గు. బండి దగ్గర నిలబడే మగమనిషి చేతికి, ఇరుగుపొరుగు చూస్తుండగా, ఆ కవరు ఇవ్వడం ఆడవారికి కష్టం. బండికి మూతతో ఉన్న విడి పెట్టె ఒకటి అమర్చి, ఎవరి చేతికీ ఇవ్వకుండా తామే వేసేలా చేసి, ఆ సంగతిని పొదుపు సంఘాల మహిళల ద్వారా చెప్పించాక అవి క్రమంగా తగ్గాయి. ఈ విషయం ఏ సమావేశంలోనూ ఎవరూ లేవనెత్తరు, గుట్టను పరిచి చూస్తేనే తెలుస్తుంది.

కోడి వ్యర్థాల సంచులు, విందు భోజనాల ఆకులు వేసేది ఊరంతా కాదు, కొద్దిమంది వ్యాపారులు. ఇక్కడ నలుగురి చూపూ పనిచేయదు, ఎందుకంటే అవి అర్ధరాత్రి వస్తాయి. దుకాణాల లైసెన్సు, ఫంక్షన్ హాలు అనుమతి ఇచ్చేటప్పుడే వ్యర్థాలు ఎవరు, ఏ వేళకు తీసుకువెళతారో రాయించుకుని, తప్పితే నిజంగా జరిమానా వసూలు చేయడం ఒక్కటే దారి. ఇంటి కవరు వేసేవారి మీద జరిమానా ఆయుధాన్ని వాడి, వీరిని వదిలేయడం చాలాచోట్ల చూశాను. అది తలకిందుల న్యాయం. మిగతావారికి ఆ సంచులే అనుమతి పత్రాలవుతాయి కూడా.

ఈ ఏర్పాట్లు నడవడం మొదలయ్యాకే గుట్ట ఎత్తించాం. ఈ వరుస ముఖ్యం. వేయడానికి వేరే దారి చూపకుండా ముందు శుభ్రం చేస్తే, వచ్చిన కవరు పడక తప్పదు. పడిన మొదటి నాలుగైదు కవర్లే ఆ చోటు పాత పేరును తిరిగి తెస్తాయి. ఎత్తేటప్పుడు అడుగు బురదతో సహా గీకించి, కొత్త మట్టి పోయించి, సున్నం చల్లించాం. ఆ తర్వాత కొన్ని వారాల పాటు రాత్రి పడినవాటిని తెల్లవారక ముందే ఒక మనిషి తీసేసేలా చూశాం. రోజులో మొదట వచ్చేవాడి కళ్ళకు ఖాళీ నేల కనిపించాలి, ఆ పని ఖరీదంతా అందుకే. సంక్రాంతి సెలవులకు ఆ మనిషి లేకపోయేసరికి మూడో రోజుకల్లా గుట్ట తిరిగి మొదలైంది. అలవాటు ఇంకా స్థలానిదే, మనుషులది కాలేదని అప్పుడు స్పష్టంగా తెలిసింది. బదులు మనిషిని పెట్టి ఇంకొన్ని నెలలు సాగించాల్సి వచ్చింది.

గోడకు దేవుళ్ళ పలకలు అంటించే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. అంటించిన గోడ బాగుపడుతుంది, దాని పక్క గోడ చెడుతుంది. బండి వేళ మారకుండా ముగ్గులు వేసి, పూలకుండీలు పెట్టినా అంతే జరుగుతుంది.

అందుకే ఫలితాన్ని వంతెన దగ్గర మాత్రమే చూసి సంతోషపడకూడదు. రోజూ ఒకే వేళకు కొత్తగా పడిన కవర్లను లెక్కపెట్టాలి, గుట్ట ఎత్తు చూసి లాభం లేదు. వంతెనకు అటూ ఇటూ అర కిలోమీటరు నడిచి, తూముల దగ్గర, మురుగు కాలువ కలిసేచోట కొత్త గుట్ట లేచిందేమో చూడాలి. డెల్టాలో మరొక ప్రమాదం ఉంది. గట్టు మీద వేయనివ్వకపోతే కవరు నీళ్ళలోకి వెళుతుంది. పారే కాలువలో వేసినది వేసినవాడి కళ్ళ ఎదుట నిలవదు, చెత్త వేసే చోటన్న గుర్తు కూడా అక్కడ మిగలదు, కాబట్టి ఎవరికీ తప్పు చేసినట్టు అనిపించదు. అది పోయి లాకుల దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుంటుంది, లేదా శివారు ఊళ్ళలో కాలువ నీటితో నింపుకునే మంచినీటి చెరువుల దాకా వెళుతుంది. దీన్ని పట్టుకునే సమయం వేసవి. రబీ అయ్యాక కాలువలు కట్టేసినప్పుడు వంతెన కింద దిగి అడుగు చూడండి. కొత్త కవర్లు, డైపర్లు పేరుకుని ఉంటే గట్టు శుభ్రపడలేదు, చెత్త చోటు మార్చుకుందని అర్థం. అప్పుడు మళ్ళీ బండి వేళ దగ్గరకే వెళ్ళి, ఏ వీధి తప్పిపోయిందో వెతకాలి.

మీ చేతిలో వెంటనే ఉన్నది ఒకటి చెబుతాను. పాత బోర్డును గుట్టతో పాటే తీయించండి. నేల శుభ్రపడి, బండి వేళ నిలకడ అయ్యాక, అదే స్తంభానికి కొత్త పలక కట్టించి, నిషేధానికి బదులు మూడు విషయాలు రాయించండి: ఈ వీధికి బండి ఎన్ని గంటలకు వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, రాకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి.